ఫ్లూ తగ్గాక పిల్లవాడు పిక్కల నొప్పితో నడవనంటుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగు రోజులు జ్వరంతో పడుకున్న పిల్లాడు తేరుకున్నాడు, రాత్రి కాస్త అన్నం కూడా తిన్నాడు. తెల్లారి మంచం దిగబోయి "అమ్మా, కాళ్లు" అని ఏడుస్తూ కూలబడ్డాడు. పిక్కల మీద చెయ్యి వేయనివ్వడు. నిలబెడితే మునివేళ్ల మీద నిలబడతాడు, లేదంటే అసలు నిలబడడు. పిల్లల డాక్టర్‌గా ఫ్లూ సీజన్‌లో ఇలాంటి పిల్లల్ని చూస్తూనే ఉంటాను. వాళ్లను తీసుకొచ్చే అమ్మానాన్నల ముఖాల్లో ఒకటే భయం ఉంటుంది, కాళ్లు పడిపోయాయేమోనని. వాళ్లు అడిగే ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

### ఇది ఏం జబ్బు?

ఫ్లూ వైరస్ వల్ల కాలి కండరాలకు వచ్చే వాపు ఇది. డాక్టర్లు దీన్ని బినైన్ అక్యూట్ చైల్డ్‌హుడ్ మయోసైటిస్ అంటారు, వైరల్ మయోసైటిస్ అని కూడా రాస్తారు. మయోసైటిస్ అంటే కండరం వాపు. బినైన్ అంటే ప్రమాదం లేకుండా దానంతట అదే తగ్గిపోయేది అని అర్థం. ఆ మాట పేరులోనే ఉంది కాబట్టి, రిపోర్టు మీద మయోసైటిస్ అని కనిపించగానే కంగారు పడక్కర్లేదు.

కొత్త జబ్బేమీ కాదు. 1957లో లుండ్‌బర్గ్ అనే స్వీడన్ డాక్టర్ జ్వరం తర్వాత పిక్కల నొప్పితో నడవలేకపోయిన పిల్లల గురించి రాశాడు. అంతకు ముందు కూడా వచ్చే ఉంటుంది, కాళ్ల నొప్పులని వదిలేసి ఉంటారు.

ఎక్కువగా బడి వయసు పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో కనిపిస్తుంది. ఫ్లూలో బి రకం వైరస్‌తో ఎక్కువ, ఎ రకంతోనూ వస్తుంది. డెంగ్యూ, కోవిడ్, ఇంకా కొన్ని మామూలు జలుబు వైరస్‌ల తర్వాత కూడా చూస్తాం.

### జ్వరం ఉన్నప్పుడు బాగానే నడిచాడు. తగ్గాక నొప్పి రావడమేంటి?

ఈ జబ్బును గుర్తుపట్టించేది సరిగ్గా ఈ వరసే. ఫ్లూ జ్వరం ఉన్నప్పుడు ఒళ్లంతా నొప్పులుంటాయి. నడుము, భుజాలు, కాళ్లు అన్నీ ఒకేలా లాగుతాయి. అది వేరు. ఇది జ్వరం మొదలైన మూడు నాలుగు రోజులకు, దగ్గు జలుబు తగ్గుముఖం పట్టాక, ఒక్కసారిగా పిక్కల్లోనే వస్తుంది. చాలామంది పిల్లల్లో నిద్ర లేచేసరికే ఉంటుంది. రాత్రంతా కాళ్లు కదపకుండా పడుకుని, పొద్దున్న ఒక్కసారి పాదం నేలకు ఆనించినప్పుడు పిక్క సాగుతుంది, ప్రాణం పోయినంత నొప్పి పుడుతుంది.

వైరస్ నేరుగా కండరంలోకి వెళ్తుందా, లేక వైరస్ మీద పోరాడుతున్న మన రోగనిరోధక శక్తి మధ్యలో కండరాన్ని దెబ్బతీస్తుందా అన్నది ఇంకా తేలలేదు. జరిగేది మాత్రం ఒకటే. పిక్క కండరంలోని కొన్ని పోగులు తాత్కాలికంగా దెబ్బతింటాయి, వాటి లోపలి పదార్థాలు రక్తంలోకి కారతాయి. కండరానికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉంది కాబట్టి కొద్ది రోజుల్లో కోలుకుంటుంది, మచ్చ కూడా మిగలదు.

### మునివేళ్ల మీద ఎందుకు నడుస్తున్నాడు? కావాలని చేస్తున్నాడా?

కావాలని కాదు. మడమ నేలకు ఆనాలంటే పిక్క కండరం సాగాలి. వాచిన కండరం సాగితే నొప్పి. అందుకే పిల్లాడు మడమ పైకెత్తి, పాదాన్ని కిందికి వంచి ఉంచుకుంటాడు. మంచం మీద పడుకున్నప్పుడు చూడండి, అప్పుడు కూడా పాదాలు అలాగే కిందికి వాలి ఉంటాయి. కొందరు మోకాళ్లు బిగబట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, కర్రల మీద నడిచినట్టు నడుస్తారు. చిన్నపిల్లలైతే నడక మానేసి మళ్లీ దోగాడతారు. దోగాడితే పిక్క మీద బరువు పడదు మరి. ఎవరూ నేర్పకుండానే పిల్లలు కనిపెట్టే ఉపాయం అది.

"బడి ఎగ్గొట్టడానికి నాటకం" అనే పెద్దవాళ్లు కూడా ఉంటారు. దొంగ నొప్పి అయితే తనకిష్టమైన ఆట కనపడగానే మాయమవుతుంది. ఈ నొప్పి ఉన్నవాడు బాత్రూమ్‌కు కూడా దోగాడుతూనే వెళ్తాడు.

### కాళ్లు పడిపోలేదని ఎలా నమ్మాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందుకే జవాబు కొంచెం పొడవుగా చెబుతాను. నడవకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. నొప్పి వల్ల నడవకపోవడం ఒకటి, కాళ్లలో బలం లేక నడవలేకపోవడం ఇంకొకటి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా మంచం మీద తెలుస్తుంది.

పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి, నిలబడాలనే భయం తీసేసి, మోకాలు మడవమనండి. చాచమనండి. మోకాలు వంచకుండా కాలు పైకెత్తమనండి. మయోసైటిస్ ఉన్న పిల్లాడు ఇవన్నీ చేస్తాడు, ఎందుకంటే తొడ కండరాలు బాగానే ఉంటాయి. మీ చేతిని అతని తొడ మీద పెట్టి "నన్ను తోసెయ్" అంటే బలంగానే తోస్తాడు. ఇప్పుడు పాదాన్ని మెల్లగా పైకి, అంటే అతని ముఖం వైపు వంచి చూడండి. వెంటనే అరుస్తాడు. పిక్కను నొక్కితే అంతే. రెండు కాళ్లకూ అలాగే ఉంటుంది. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ నొక్కి ఏడిపించకండి.

బలం లేని కాలు ఇలా ఉండదు. గిలియన్ బారె సిండ్రోమ్ అనే నరాల జబ్బును ఉదాహరణగా తీసుకుందాం. అది కూడా ఏదో ఇన్‌ఫెక్షన్ తర్వాతే వస్తుంది, కానీ మామూలుగా వారం నుంచి మూడు నాలుగు వారాల తర్వాత. పాదాల దగ్గర మొదలై గంటలు, రోజులు గడిచేకొద్దీ పైకి పాకుతుంది. ఇవాళ మెట్లు ఎక్కలేనివాడు రేపు కూర్చుని లేవలేడు. అందులోనూ కాళ్ల నొప్పులుండొచ్చు, అక్కడే పొరపాటు పడే అవకాశం ఉంది. తేడా చూపించేది డాక్టర్ చేతిలోని చిన్న సుత్తి. మోకాలి కింద కొడితే కాలు ఎగరాలి. గిలియన్ బారెలో ఆ ఎగరడం తగ్గుతుంది లేదా పోతుంది. మయోసైటిస్‌లో మామూలుగానే ఉంటుంది. ఈ పరీక్ష ఇంట్లో చేసేది కాదు. అందుకే మీరు మంచం మీద చూసుకుని ధైర్యం తెచ్చుకున్నా సరే, నడక ఆపేసిన పిల్లాణ్ని ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

### ఒక పిల్లాడి కేసు మొదటి నుంచి చివరిదాకా చెప్పగలరా?

చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. ఏడేళ్ల బాబు, 22 కిలోల బరువు. సోమవారం 103 డిగ్రీల జ్వరం, పొడి దగ్గు, ఒళ్లు నొప్పులు. అదే వారం అతని క్లాసులో సగంమంది జ్వరంతో బడికి రాలేదు. గురువారానికి జ్వరం దిగింది. శుక్రవారం పొద్దున్న మంచం దిగలేదు. రాత్రి మంచం మీద నుంచి పడ్డాడేమోనని అమ్మమ్మకు అనుమానం, పక్షవాతమేమోనని నాన్నకు టెన్షన్. వాళ్లమ్మ ఎత్తుకుని తీసుకొచ్చింది.

బల్ల మీద పడుకోబెడితే నాతో బాగానే కబుర్లు చెప్పాడు. మోకాళ్లు మడిచాడు, కాళ్లు ఎత్తాడు. తొడలు నొక్కితే ఏమీ అనలేదు. రెండు పిక్కలూ గట్టిపడి ఉన్నాయి, వేలు తగిలితే ఏడుపు. ఎర్రదనం లేదు, వేడి లేదు, దెబ్బ గుర్తులు లేవు. తుంటి, మోకాలు, చీలమండ కీళ్లు అన్నీ తిరుగుతున్నాయి. సుత్తితో కొడితే కాళ్లు చక్కగా ఎగిరాయి. బతిమాలి నిలబెడితే బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద నాలుగు అడుగులు వేశాడు.

అప్పటికే నాకు జబ్బేమిటో దాదాపు తెలిసిపోయింది. అయినా మూత్రం, రక్తం పరీక్షలు చేయించాను. మూత్రం లేత పసుపు రంగులో ఉంది, పరీక్షలో రక్తం జాడ లేదు. కండరం ఎంత దెబ్బతిందో చెప్పే సీపీకే పరీక్షలో 3,840 వచ్చింది. ఆ ల్యాబ్‌లో మామూలు హద్దు సుమారు 200. తెల్ల రక్తకణాలు 3,600, అంటే కాస్త తక్కువ. ఫ్లూలో అలా తగ్గడం మామూలే. కిడ్నీ పరీక్ష బాగుంది. ఇంటికే పంపించాను. పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి, మూత్రం రంగు చూడటం, ఇంతే వైద్యం. పడుకుని కాళ్లు పైకెత్తలేకపోతున్నాడా అన్నది మర్నాడు ఫోన్‌లో చెప్పమన్నాను.

శనివారం కూడా నడవలేదు. ఆ రోజు వాళ్ల నాన్న మూడుసార్లు ఫోన్ చేశారు. ఆదివారం గోడ పట్టుకుని బాత్రూమ్‌కు వెళ్లాడు. సోమవారం మడమలు నేలకు ఆనాయి. బుధవారం ఇంట్లో పరిగెడుతున్నాడని చెప్పారు. మూడు వారాల తర్వాత సీపీకే 118.

### సీపీకే అంటే ఏమిటి? వేలల్లో ఉందని చూసి భయమేసింది.

కండరం లోపల ఉండే ఒక ఎంజైమ్ పేరు క్రియాటిన్ కైనేజ్. ల్యాబ్ రిపోర్టుల్లో సీకే అనో, సీపీకే అనో ఉంటుంది. కండరం దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది. కండరాలు ఒంట్లో ఎంత బరువుంటాయో తలుచుకోండి. రెండు పిక్కల్లో కొంచెం పోగులు చెదిరినా అంకె వేలల్లోకి వెళ్తుంది. ఈ జబ్బులో మామూలు కంటే ఇరవై ముప్ఫై రెట్లు పెరగడం చూస్తూనే ఉంటాం. అంకె పెద్దదైనంత మాత్రాన జబ్బు పెద్దదని కాదు. నాలుగు వేలున్న పిల్లాడు రెండో రోజే నడవచ్చు, వెయ్యి ఉన్నవాడు ఐదు రోజులు మంచం దిగకపోవచ్చు.

అంకె కంటే మూత్రం మీద నాకు నమ్మకం ఎక్కువ. అయితే పది వేలు దాటితే మాత్రం పిల్లాడు హుషారుగా ఉన్నా ఊరుకోను. కిడ్నీ పరీక్షలు చూస్తాను, ఒకటి రెండు రోజుల్లో సీపీకే మళ్లీ చేయిస్తాను.

### రిపోర్టులో లివర్ ఎంజైమ్‌లు కూడా ఎక్కువ వచ్చాయి. లివర్ పాడైందా?

చాలాసార్లు ఇది అనవసరపు గాభరా. లివర్ పరీక్షలని పిలిచే వాటిలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే రెండు ఎంజైమ్‌లు ఉంటాయి. పాత రిపోర్టుల్లో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అని ఉంటాయి. రెండూ కండరంలో కూడా ఉంటాయి, ఏఎస్‌టీ అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి పిక్క దెబ్బతిన్నా అవి పెరుగుతాయి. ఏఎస్‌టీ బాగా ఎక్కువ, ఏఎల్‌టీ కొంచెమే ఎక్కువ, బిలిరుబిన్ మామూలుగా ఉండి, సీపీకే వేలల్లో ఉంటే అవి కండరం నుంచి వచ్చినవే అనుకోవచ్చు. పైన చెప్పిన బాబుకు ఏఎస్‌టీ 168, ఏఎల్‌టీ 52. లివర్ మందులేమీ వాడలేదు, రెండూ వాటంతటవే దిగాయి. సీపీకే చేయించకుండా లివర్ పరీక్ష ఒక్కటే చేయిస్తే మాత్రం లేనిపోని స్కాన్‌ల దాకా వెళ్తుంది వ్యవహారం.

### మూత్రం రంగు చూడమంటారు. ఎందుకు?

కండరం నుంచి సీపీకేతో పాటు మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ కూడా కారుతుంది. కొద్దిగా కారితే కిడ్నీలు కడిగేస్తాయి. కండరం మరీ ఎక్కువగా చెదిరిపోతే మయోగ్లోబిన్ కిడ్నీలోని సన్న గొట్టాల్లో అడ్డుపడి వాటిని దెబ్బతీస్తుంది. కండరం అంతగా చెదిరిపోవడాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. మూత్రం టీ డికాక్షన్‌లా గోధుమ రంగులోనో, కోలా రంగులోనో వస్తుంది. ఇది అరుదు. 2004లో అప్పటిదాకా ప్రచురితమైన మూడు వందల పైచిలుకు ఫ్లూ మయోసైటిస్ కేసుల్ని కలిపి చూస్తే సుమారు 3 శాతంలో కనిపించింది. ప్రచురితమయ్యేవి ఎక్కువగా ఆసుపత్రి దాకా వచ్చిన కేసులే కాబట్టి, మొత్తం పిల్లల్లో అంతకంటే తక్కువే ఉండాలి.

ల్యాబ్‌లో ఇంకో సంగతి ఉంది. మూత్రంలో ముంచే పట్టీ రక్తం ఉందని చూపిస్తుంది, మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్ర రక్తకణాలు ఉండవు. పట్టీకి రక్తంలోని హిమోగ్లోబిన్‌కూ, కండరంలోని మయోగ్లోబిన్‌కూ తేడా తెలియదు. ఈ రెండు ఫలితాలూ కలిసి కనిపిస్తే అది మయోగ్లోబినే కావచ్చని డాక్టర్ అనుమానిస్తారు, పిల్లాణ్ని చేర్చుకుని సెలైన్ పెట్టి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌ను, పొటాషియంను పదే పదే చూస్తారు. దెబ్బతిన్న కండరం నుంచి పొటాషియం కూడా కారుతుంది, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది.

ఇంట్లో మీరు చేయగలిగింది సులువు. మొదటి మూడు నాలుగు రోజులు మూత్రాన్ని తెల్లటి గిన్నెలోనో, పారదర్శకమైన డబ్బాలోనో పట్టి వెలుతురులో చూడండి. ముదురు పసుపు ఉంటే నీళ్లు తక్కువయ్యాయని, ఇంకా తాగించండి. గోధుమ రంగు, ఎరుపు, నలుపు కనిపిస్తే, లేదా ఎనిమిది గంటలుగా మూత్రమే రాకపోతే, తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆ మూత్రాన్ని పారబోయకుండా తీసుకెళ్తే ఇంకా మంచిది.

### నొప్పికి ఏమివ్వాలి?

పారాసిటమాల్ చాలు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు లెక్క. 22 కిలోల పిల్లాడికి 330 మిల్లీగ్రాములు అవుతుంది. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే ఆరున్నర మిల్లీలీటర్లు. ఆరు గంటలకోసారి, రోజులో నాలుగుసార్లకు మించకుండా. సిరప్‌లు రెండు మూడు బలాల్లో దొరుకుతాయి, సీసా మీద చూడకుండా ఎప్పుడూ ఇచ్చే మూత కొలతే ఇస్తే తక్కువో ఎక్కువో అవుతుంది. జలుబు మందుల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి, లేకపోతే తెలియకుండా రెండింతలు పడుతుంది. లివర్ ఎంజైమ్‌లు పెరిగిన రిపోర్టు చేతిలో ఉంటే డాక్టర్‌కు చూపించి కొనసాగించండి. కండరం వల్లే పెరిగాయని తేలితే సరైన మోతాదులో ఇవ్వడానికి అడ్డులేదు.

ఐబుప్రొఫెన్ నొప్పికి బాగా పనిచేస్తుంది, నిజమే. కానీ సరిగ్గా నీళ్లు తాగని పిల్లాడికి అది కిడ్నీ మీద భారం. మూత్రం ముదురుగా ఉన్నా, జ్వరం డెంగ్యూ కావచ్చనే అనుమానం ఉన్నా అసలు ఇవ్వకూడదు. డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టకండి.

ఆస్పిరిన్ మాత్రం వద్దు. ఫ్లూ ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే రేస్ సిండ్రోమ్ అనే, మెదడునూ లివర్‌నూ దెబ్బతీసే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల గుండె కోసం ఉన్న మాత్ర ఒకటి సగం చేసి ఇవ్వడం లాంటివి చేయకండి.

### కాళ్లు పట్టొచ్చా? కాపడం పెట్టొచ్చా?

గట్టిగా పిసకొద్దు. నూనె రాసి పిక్కలు పిసికితే నొప్పి దిగుతుందని అనుకుంటాం, ఆట ఆడి అలిసిన కాళ్లకు అది నిజం కూడా. ఇక్కడ కండరం పోగులు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి, వాటిని ఇంకా నలిపినట్టవుతుంది. గోరువెచ్చటి గుడ్డ కాసేపు వేస్తే కొందరికి హాయిగా ఉంటుంది, పిల్లాడు ఒప్పుకుంటే వేయండి. మోకాళ్ల కింద దిండు పెట్టి కాస్త వంచి పడుకోబెడితే పిక్క వదులవుతుంది.

బలవంతంగా నడిపించడం, మడమ నొక్కి పట్టుకుని సాగదీయడం కూడా వద్దు. తనంతట తాను నడవాలనుకున్నప్పుడు నడుస్తాడు.

నీళ్ల విషయంలో మాత్రం కాస్త పట్టుదలగా ఉండండి. ఈ వయసు, ఈ బరువు ఉన్నవాడికి రోజంతా కలిపి లీటరున్నర దాకా ద్రవాలు కావాలి. బాత్రూమ్‌కు వెళ్లడం నొప్పి కాబట్టి పిల్లలు కావాలనే నీళ్లు తాగరు. చాలామంది ఇది గమనించరు. ఎత్తుకుని తీసుకెళ్తామని మాటిచ్చి తాగించండి.

### యాంటీబయాటిక్ వాడితే త్వరగా తగ్గుతుందా? ఫ్లూ మందు?

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. స్టెరాయిడ్ అవసరం లేదు. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పిక్కల నొప్పి వచ్చేసరికి ఆ సమయం దాటిపోయి ఉంటుంది. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉన్న పిల్లలకు, లేదా ఫ్లూ ఇంకా తీవ్రంగానే ఉన్నవాళ్లకు డాక్టర్ ఇవ్వొచ్చు. అది ఫ్లూ కోసం, పిక్కల కోసం కాదు.

### ఒక్క కాలే నొప్పి. ఇదీ అదేనా?

ఒక్క కాలు అనగానే నేను వేరేగా ఆలోచిస్తాను. మయోసైటిస్ సాధారణంగా రెండు పిక్కల్లోనూ ఉంటుంది, ఒకటి కాస్త ఎక్కువ ఒకటి కాస్త తక్కువ కావచ్చు. ఒకే కాలు, అందులోనూ జ్వరం మళ్లీ వచ్చి, కీలు దగ్గర నొప్పి, కీలు తిప్పనివ్వకపోవడం ఉంటే కీలులోనో ఎముకలోనో చీము చేరిందేమో చూడాలి. అది గంటల్లో చూడాల్సిన విషయం. పాపం ఏదో వైరలే అని ఆగితే కీలు పాడవుతుంది. జలుబు తర్వాత తుంటి కీలులో వచ్చే మామూలు వాపు కూడా ఉంది, అందులో పిల్లాడు కుంటుతాడు, తొడో మోకాలో చూపిస్తాడు, పిక్క నొక్కితే ఏమీ అనడు. ఒక పిక్క మాత్రమే వాచి ఎర్రబడితే దెబ్బ, ఇన్‌ఫెక్షన్, అరుదుగా రక్తనాళంలో గడ్డ అని వెతకాలి.

రెండు పిక్కలే అయినా గంట గంటకూ నొప్పి పెరుగుతూ, పిక్క చెక్కలా బిగిసి, పాదం చల్లబడి, వేళ్లకు స్పర్శ తగ్గుతుంటే అది కూడా ఎమర్జెన్సీ. వాచిన కండరం తన పొర లోపలే ఇరుక్కుపోయి రక్తప్రసారం ఆగిపోతుంది. చాలా అరుదు, కానీ ఆగే వ్యవధి ఉండదు.

### ఇంకా ఏం కనిపిస్తే వెంటనే వెళ్లాలి?

పడుకుని కూడా కాలు ఎత్తలేకపోవడం, చేతులు కూడా బలహీనపడటం, మింగడం కష్టమవడం, ఊపిరి ఆయాసం, ఛాతీ నొప్పి, మూత్రం లేదా మలం ఆపుకోలేకపోవడం లేదా అసలు రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా ఇది మామూలు పిక్కల నొప్పి కాదు. వెన్నుపాము, నరాలు, గుండె వైపు చూడాలి.

### ఎన్ని రోజుల్లో నడుస్తాడు? బడికి, ఆటలకు ఎప్పుడు?

మొదటి రెండు రోజులు అసలు మార్పే కనిపించకపోవచ్చు. మూడో రోజు నుంచి మెల్లగా మెరుగవుతుంది, ఎక్కువమంది వారం లోపల మామూలుగా నడుస్తారు. మందులు వాడుతున్నా ఇవాళ నడవలేదే అని రెండో రోజే డాక్టర్‌ను మార్చేవాళ్లను చూశాను. కొత్త డాక్టర్ దగ్గరకు వెళ్లిన మర్నాడు నడుస్తాడు, ఆ పేరు ఆయనకు దక్కుతుంది, పోనివ్వండి.

వారం దాటినా అలాగే ఉంటే, లేదా బాగై మళ్లీ వెనక్కి వెళ్తే తిరిగి చూపించాలి. నొప్పి లేకుండా మడమ ఆనించి నడుస్తుంటే, జ్వరం లేకుంటే బడికి పంపొచ్చు. పరుగుపందెం, ఫుట్‌బాల్, ఈత లాంటివి మాత్రం నొప్పి పూర్తిగా పోయాక ఇంకో వారం ఆపండి. సీపీకే మరీ ఎక్కువ పెరిగి ఉంటే అది మామూలయ్యాకే ఆటలు.

### నడుస్తున్నాడు కదా, సీపీకే మళ్లీ ఎందుకు చేయించమంటున్నారు?

నేనైతే మూడు నాలుగు వారాలకు ఒకసారి చేయిస్తాను, దానికో కారణం ఉంది. డుషెన్ అనే పుట్టుకతో వచ్చే కండర క్షీణతలో కూడా సీపీకే వేలల్లో ఉంటుంది. చిన్న మగపిల్లల్లో అది బయటపడకుండా దాగి ఉండి, ఏదో జ్వరానికి చేసిన పరీక్షలో మొదటిసారి తగలొచ్చు. వైరల్ మయోసైటిస్ అయితే అంకె పూర్తిగా దిగుతుంది. డుషెన్ అయితే దిగదు. ముందు నుంచీ పరుగులో వెనకబడటం, నేల మీద నుంచి లేవడానికి తొడల మీద చేతులు ఆనించి ఎగబాకడం, పిక్కలు లావుగా ఉండటం గమనించి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. పరీక్షకు ముందు రోజు గంతులేసి ఆడినా, తొడకు ఇంజెక్షన్ పడినా సీపీకే కాస్త పెరుగుతుంది, కాబట్టి అలాంటివి లేని రోజు చూసుకోండి.

### మళ్లీ వస్తుందా?

చాలామందికి జీవితంలో ఒక్కసారే. అప్పుడప్పుడు వేరే రకం ఫ్లూతో రెండోసారి వచ్చిన పిల్లలున్నారు. ప్రతి జ్వరానికీ కాళ్లు పట్టేస్తున్నా, ఆడిన తర్వాతో, తిండి మానేసినప్పుడో నొప్పులు వచ్చి మూత్రం నల్లబడుతున్నా అది ఫ్లూ మీద తోసేయకూడదు. కొవ్వును గానీ గ్లైకోజన్‌ను గానీ శక్తిగా మార్చుకోలేని పుట్టుకతో వచ్చే కండర సమస్యలు కొన్ని ఉన్నాయి, అవి ఇలాగే బయటపడతాయి. జన్యు పరీక్షలు చేయాల్సిన దశ అది.

### చెల్లికి కూడా జ్వరం వచ్చింది. దానికీ పిక్కలు పట్టేస్తాయా?

ఫ్లూ అంటుకుంటుంది, పిక్కల నొప్పి అంటుకోదు. ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లిద్దరికీ వచ్చిన సందర్భాలు లేకపోలేదు, కానీ ఎక్కువ శాతం ఒకరికే. పాపకు జ్వరం వచ్చిన రోజు రాసి పెట్టుకోండి. వస్తే దాదాపు మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్యలో వస్తుంది. అప్పుడు పొద్దున్నే లేచి కాళ్లు నొప్పి అంటే, ఈసారి మీకు మంచం మీద ఏం చూడాలో తెలుసు.